ఫ్లెక్సీ మీద తేదీ మార్చడానికి ఫొటోషాప్ కొనాలా?

ఈ ఎపిసోడ్‌లో డబ్బుల సంగతీ, తెలుగు అక్షరాల సంగతీ రెండూ కలిపి మాట్లాడుకుందాం. ఉస్మానియా క్యాంపస్‌లో చదివే పిల్లలు, ఇఫ్లూ పిల్లలు, తార్నాక చుట్టుపక్కల గదుల్లో ఉంటూ చిన్న చిన్న డిజైన్ పనులు చేసుకునేవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "సార్, పోస్టర్‌లో పేరు మార్చాలి, తేదీ మార్చాలి, ఒక ఫొటో తీసేసి ఇంకోటి పెట్టాలి. దీనికి ఫొటోషాప్ కొనాలా, గింప్ సరిపోతుందా, క్రిటా సరిపోతుందా?" ఇంటర్నెట్‌లో దీనికి వందల వీడియోలు ఉన్నాయి. అయితే వాటిల్లో చాలావరకు ఇంగ్లీషు అక్షరాలతో చేసి చూపిస్తారు. మన సమస్య ఇంగ్లీషు అక్షరాలతో కాదు కదా, ఒత్తులతో.

అందుకని ముందు ఒక పని చేయండి. మీ దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా దాంట్లో "రాష్ట్రస్థాయి శాస్త్ర సదస్సు" అని టైపు చేయండి, లేదా వేరే చోట టైపు చేసి అక్కడ పేస్ట్ చేయండి. "ష" కింద "ట" ఒత్తు, దాని పక్కన "ర" ఒత్తు సరిగ్గా కూర్చుంటే ఆ సాఫ్ట్‌వేర్‌కి తెలుగు వచ్చు. అలా కాకుండా ష పక్కన పొల్లు, ట పక్కన పొల్లు విడివిడిగా, పళ్ళూడిన నోరులా కనిపిస్తే రాదు. ఒక్క నిమిషం పని ఇది. ధర, ఫీచర్లు అన్నీ దీని తర్వాతే.

ఎందుకలా విడిపోతాయంటే, కంప్యూటర్‌లో "ష్ట్ర" అనేది ఒక అక్షరంగా ఉండదు. ష, పొల్లు, ట, పొల్లు, ర అని ఐదు సంకేతాలు వరుసగా ఉంటాయి. ఆ ఐదింటినీ చదివి, ఫాంటులో ఉన్న ఏ బొమ్మను ఎక్కడ పెట్టాలో తేల్చే ఒక యంత్రం మధ్యలో ఉండాలి. గింప్‌లో ఆ పని పాంగో, హార్ఫ్‌బజ్ అనే రెండు ఉచిత లైబ్రరీలు చేస్తాయి. మీరు ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు. యూనికోడ్ తెలుగు ఫాంటు ఉంటే చాలు, గింప్‌లో తెలుగు మొదటి రోజు నుంచే సరిగ్గా వస్తుంది.

ఫొటోషాప్‌లో కూడా వస్తుందండి, కానీ ఏ ఫొటోషాప్ అన్నది ప్రశ్న. 2022 వర్షన్ నుంచి అన్ని భాషలకూ ఒకే టెక్స్ట్ ఇంజన్ పెట్టారు కాబట్టి కొత్తదాంట్లో ఇబ్బంది లేదు. అంతకుముందు వచ్చిన సీసీ వర్షన్లలో Preferencesలో Type అనే చోటికి వెళ్ళి Middle Eastern and South Asian అన్నది ఎంచుకోవాలి. ఆ తర్వాత కొత్త డాక్యుమెంట్ తెరిచి, Paragraph ప్యానెల్ మెనూలో World-Ready Layout పెట్టుకోవాలి. ఇంకా పాతవాటిలో, అంటే పెన్‌డ్రైవ్‌లో చేతులు మారుతూ తిరిగే క్రాక్ చేసిన కాపీల్లో, ఒత్తులు విడిపోవడమే మామూలు. తమాషా ఏంటంటే, "గింప్‌లో తెలుగు రాదేమో" అని భయపడి చాలామంది ఆశ్రయించేది సరిగ్గా ఆ పాత కాపీనే. క్రాక్ కాపీతో వైరస్ గొడవ, చట్టం గొడవ ఎలాగూ ఉంటాయి. వాటిని పక్కన పెట్టినా, తెలుగు పోస్టర్‌కి అది పనికిరాదు.

మరి డీటీపీ షాపుల్లో అదే పాత ఫొటోషాప్‌లో అందమైన తెలుగు ఎలా కొడుతున్నారు అని మీకు అనుమానం రావచ్చు. వాళ్ళు వాడేది యూనికోడ్ కాదండి. అను స్క్రిప్ట్ లాంటి పాత పద్ధతి ఫాంట్లు. అక్కడ కంప్యూటర్ దృష్టిలో ఉన్నది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ మాత్రమే. ఆ గుర్తుల స్థానంలో తెలుగు ముక్కల బొమ్మలు ఉంటాయి. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. అందుకే ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా కనిపిస్తుంది. కానీ ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు, డాలర్ గుర్తులు వస్తాయి. మీ సీనియర్ ఇచ్చిన పీఎస్‌డీ ఫైల్ అలాంటిదైతే, మీరు నెలనెలా డబ్బు కట్టి కొత్త ఫొటోషాప్ తెచ్చుకున్నా ఆ ఫాంటు లేకుండా ఒక్క పేరు కూడా మార్చలేరు. ఆ మాటల్ని యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసుకోవడమే మార్గం. మార్చిపెట్టే కన్వర్టర్లు ఉన్నాయి కానీ, ఒక పోస్టర్‌లో ఉండే ఇరవై మాటలకి టైపు చేయడమే త్వరగా అవుతుంది, తప్పులూ తక్కువ.

సరే, ఇప్పుడు ఒక పని మొదటినుంచి చివరిదాకా చేసి చూద్దాం. ఒక విభాగం వాళ్ళు రెండు రోజుల తెలుగు సదస్సు పెట్టుకున్నారనుకోండి. పోస్టర్‌లో "ఫిబ్రవరి 14, 15, 2026" అని ఉంది. తర్వాత ఫిబ్రవరి 21 మాతృభాషా దినోత్సవం కదా, ఆ రోజు మొదలుపెడదాం అని 21, 22కి మార్చారు. వెనకాల ఆర్ట్స్ కాలేజీ భవనం ఫొటో, దాని ముందు ఆగి ఉన్న ఒక కారు. ముఖ్య అతిథి కూడా మారారు కాబట్టి ఫొటో మార్చాలి. పీఎస్‌డీ లేదు. చేసినవాళ్ళు ఊళ్ళో లేరు. మీ చేతిలో ఉన్నది వాట్సాప్‌లో వచ్చిన ఒక జేపెగ్, 1280 పిక్సెళ్ళ వెడల్పు, 640 ఎత్తు. ఇది రేపు పొద్దున్నకి 6 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఫ్లెక్సీగా కావాలి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, ఈ జేపెగ్‌ని ఫొటోషాప్‌లో తెరిచినా గింప్‌లో తెరిచినా అది ఒకే పొర ఉన్న బొమ్మే. ఫొటోషాప్ అసలు బలం పొరలున్న పీఎస్‌డీలో ఉంది. చేతికొచ్చింది చదునైన బొమ్మ అయినప్పుడు ఆ బలం చాలావరకు వాడుకోలేం.

ముందు వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి మాత్రమే అయితే చిన్న కిటుకు చెప్తాను. 14, 15 స్థానంలో 21, 22 కావాలి. ఆ వరుసలోనే "2026"లో 2 అంకె ఉంది, "14"లో 1 ఉంది. అంటే మనకు కావలసిన అంకెలన్నీ ఆ వరుసలోనే, అదే ఫాంటులో, అదే సైజులో, అదే మసకతో ఉన్నాయి. వాటిని చుట్టూ కొంచెం నేపథ్యంతో సహా సెలెక్ట్ చేసి, కాపీ చేసి, కొత్త పొరల్లో పెట్టి జరుపుకుంటే సరి. నేపథ్యం ఒకే రంగైతే అతుకు తెలియదు. టెక్స్ట్ టూలే ముట్టుకోలేదు. ఈ పని క్రిటాలో కూడా అంతే సులువు.

ఫ్లెక్సీకి మాత్రం అలా కుదరదు. లెక్క చూడండి. 6 అడుగులంటే 72 అంగుళాలు. 1280 పిక్సెళ్ళని 72 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 18 పిక్సెళ్ళు కూడా రావు. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి 72 ఉంటే బాగా వస్తుంది. అంటే 5184 పిక్సెళ్ళ వెడల్పు, 2592 ఎత్తు. భవనం ఫొటో కొంచెం మసకగా ఉన్నా చూసేవాళ్ళు పట్టించుకోరు. అక్షరాల అంచులు మసకబారితే మాత్రం ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది.

కాబట్టి వరుస ముఖ్యం. గింప్‌లో జేపెగ్ తెరవగానే ముందు .xcf ఫైల్‌గా సేవ్ చేసుకోండి. తర్వాత Image > Scale Imageలో వెడల్పు 5184 ఇవ్వండి. ముందు పెద్దది చేయాలి, ఆ తర్వాతే అక్షరాలు పెట్టాలి. ఇది తిరగేసి, చిన్న బొమ్మలోనే తేదీ మార్చి చివర్లో పెద్దది చేస్తే, మీరు కొత్తగా కొట్టిన అక్షరాలు కూడా మసకబారతాయి. ఇంకో సంగతి, తేదీ ఒక్కటే పదునుగా, మిగతా అక్షరాలన్నీ మసకగా ఉంటే అతుకేసినట్టు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. అందుకని శీర్షిక, తేదీ, స్థలం, అతిథి పేరు, ఈ నాలుగైదు వరుసలూ చెరిపి కొత్తగా కొట్టేయండి. అరగంట పని.

చెరపడంలో చిన్న జాగ్రత్త. జేపెగ్ బొమ్మని 8 పిక్సెళ్ళ గళ్ళుగా విడగొట్టి కుదిస్తుంది. అందువల్ల అక్షరాల చుట్టూ సన్నటి దుమ్ములాంటి చుక్కలు ఉంటాయి. అక్షరం అంచు దాకానే చెరిపితే ఆ దుమ్ము అలాగే మిగిలిపోయి, పాత అక్షరం దెయ్యంలా లీలగా కనిపిస్తుంది. అసలు బొమ్మ సైజులో ఓ పది పిక్సెళ్ళు బయటికి, అంటే నాలుగు రెట్లు పెంచాక ఓ నలభై పిక్సెళ్ళు బయటికి వేసి చెరపాలి. నేపథ్యం ఒకే రంగైతే పక్కన రంగు తీసుకుని, కొత్త పొరలో దీర్ఘచతురస్రం గీసి నింపడమే. పైనుంచి కిందికి రంగు మారే నేపథ్యమైతే, పక్కన ఖాళీగా ఉన్న చోట సన్నటి నిలువు పట్టీ కాపీ చేసి, దాన్ని అడ్డంగా సాగదీయండి. పై నుంచి కిందికి రంగు మార్పు అలాగే ఉంటుంది, అక్షరాలు కప్పబడిపోతాయి. బ్రష్‌తో కుస్తీ పట్టడం కంటే ఇది ఎంతో శుభ్రంగా వస్తుంది.

ఇక అక్షరాలు. ఫాంట్లు డబ్బు పెట్టి కొనక్కర్లేదు. సిలికానాంధ్ర వాళ్ళు విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న, గురజాడ, ఎన్టీఆర్ లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, ప్రింటుకి వాడుకునే అనుమతితోనే. శీర్షికకి రామభద్ర బాగుంటుంది, అది పుట్టుకతోనే లావుపాటి ఫాంటు. దాని మీద మళ్ళీ బోల్డ్ బొత్తం నొక్కకండి. ఫాంటులో బోల్డ్ రూపం విడిగా లేనప్పుడు సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరాన్నే బలవంతంగా ఉబ్బిస్తుంది. మన అక్షరాల్లో తలకట్టుకీ కింది వంపుకీ మధ్య ఉండే సన్నటి ఖాళీ పూడుకుపోతుంది. దూరం నుంచి ప ఏదో ఏదో వ తెలియదు. ఫొటోషాప్‌లో Faux Bold కూడా ఇదే చేస్తుంది.

గింప్‌లో రెండు వరుసలు కొట్టినప్పుడు మధ్యలో చాలా ఖాళీ వచ్చి "ఇదేంటి" అనిపిస్తుంది. తెలుగు ఫాంట్లలో పైన గుడులకీ కింద జంట ఒత్తులకీ చోటు వదులుతారు కాబట్టి అలా వస్తుంది. టెక్స్ట్ టూల్ ఆప్షన్లలో లైన్ స్పేసింగ్‌కి మైనస్ విలువ ఇచ్చి దగ్గరికి తెచ్చుకోండి. తెచ్చాక పై వరుసలో ఒత్తులు కింది వరుస గుడుల్ని తాకుతున్నాయేమో చూసుకోండి. "శాస్త్ర" కింద సరిగ్గా "కీ" వచ్చిందంటే గుద్దుకోవడం ఖాయం. నేనైతే పోస్టర్లలో ఒక్కో వరుసని ఒక్కో టెక్స్ట్ పొరగా పెట్టమంటాను. జరుపుకోవడం తేలిక.

ఇంకొకటి, ఇది తెలుగువాళ్ళు తప్ప ఎవరూ చెప్పరు. "సెమినార్‌కు" అని కొడితే అది "సెమినార్కు" అయిపోతుంది, ర కింద క ఒత్తు చేరి. "సాఫ్ట్‌వేర్" కూడా అంతే. అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. పొల్లు తర్వాత హల్లు వస్తే కలపడమే దాని ధర్మం. కలపవద్దని చెప్పడానికి కంటికి కనపడని ఒక సంకేతం మధ్యలో ఉండాలి, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మీ కీబోర్డులో అది ఎక్కడుందో తెలియకపోతే, సరిగ్గా రాసి ఉన్న చోట నుంచి ఆ మాటని కాపీ చేసి గింప్‌లో పేస్ట్ చేయండి, సంకేతం కూడా వచ్చేస్తుంది. లేదా "సెమినారుకు" అని రాసేయండి, అదీ మంచి తెలుగే.

అక్షరాలకి చుట్టూ తెల్ల అంచు కావాలంటే టెక్స్ట్ పొర మీద ఉండి Layer > Transparency > Alpha to Selection, తర్వాత Select > Grow అని ఓ పన్నెండు పిక్సెళ్ళు, కింద కొత్త పొరలో తెలుపు నింపడం. టెక్స్ట్ పొర మీద నేరుగా బ్రష్ మాత్రం పెట్టకండి. పెట్టారంటే అది బొమ్మ అయిపోతుంది, మళ్ళీ దిద్దబోతే మీ మార్పులు పోతాయని గింప్ హెచ్చరిస్తుంది.

ఇప్పుడు కారు తీసేయడం. నిజాయితీగా చెప్పాలంటే ఇక్కడ ఫొటోషాప్ ముందుంది. కారు చుట్టూ గీత గీసి Content-Aware Fill అంటే కొన్ని సెకన్లలో ఓ మాదిరిగా నింపేస్తుంది. గింప్‌లో అలాంటిది కావాలంటే రీసింథసైజర్ అనే ప్లగిన్ విడిగా పెట్టుకోవాలి, లేదంటే క్లోన్ టూల్‌తో చేత్తో చేయాలి. ఆర్ట్స్ కాలేజీ ముందుభాగం నిండా వరుసలు తీరిన కిటికీలూ తోరణాలూ. ఒకే ఆకారం మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి, కారు కప్పేసిన భాగానికి పక్క భాగాన్ని అలాగే కాపీ చేసి జరిపితే సరిపోతుంది. నేల మీద, గడ్డి మీద హీల్ టూల్ బాగా పనిచేస్తుంది. గోడ అంచుల దగ్గర మాత్రం హీల్ రంగుల్ని కలిపి మురికి చేస్తుంది, అక్కడ క్లోన్ వాడండి. ఫొటోషాప్‌లో ఐదు నిమిషాల పని గింప్‌లో ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. నెలకి రెండు పోస్టర్లు చేసేవాళ్ళకి ఆ ఇరవై నిమిషాలు ఖరీదైనవి కావు. రోజుకి పది ఫొటోలు చేసేవాళ్ళకి అవును, అది జీతం.

అతిథి ఫొటో కటింగ్‌కి పాత్ టూల్‌తో భుజాల చుట్టూ గీసి, సెలెక్షన్‌గా మార్చి, ఎరేజర్‌తో కాకుండా లేయర్ మాస్క్‌తో దాచండి. జుట్టు దగ్గర ఎక్కువ కోసేశామని తర్వాత అనిపిస్తే తెల్ల బ్రష్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు.

అయిపోయింది, తార్నాక చౌరస్తా దగ్గర షాపుకి తీసుకెళ్తున్నారు. .xcf ఫైల్ పట్టుకెళ్ళకండి, అక్కడ గింప్ ఉండదు. పీఎస్‌డీగా మార్చి కూడా ఇవ్వకండి. పొరల్లో తేడా వస్తే ఆ హడావిడిలో ఎవరూ చూడరు, ప్రింటు అయ్యాకే తెలుస్తుంది. File > Export Asతో నాణ్యత 95 పెట్టి ఒక చదునైన జేపెగ్ తీయండి. అక్షరాలు అప్పటికే బొమ్మ అయిపోయి ఉంటాయి కాబట్టి అక్కడ మీ ఫాంటు లేకపోయినా పర్లేదు. వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే 5184 పిక్సెళ్ళు మళ్ళీ కుదించుకుపోతాయి, పడ్డ కష్టమంతా వృథా.

ఫ్లెక్సీకి ఆర్‌జీబీ జేపెగ్ ఇస్తే చాలు, ప్రింటర్ సాఫ్ట్‌వేరే ఇంకు రంగుల్లోకి మార్చుకుంటుంది. తెర మీద మెరిసే నీలం, చిలకాకుపచ్చ కొంచెం చప్పబడతాయి, అంతే. ఆఫ్‌సెట్‌లో ఆహ్వాన పత్రిక వేయించేటప్పుడు కథ వేరు. గింప్ పనిచేసేది ఆర్‌జీబీలో. అందులోని నలుపు అక్షరం ప్రెస్సుకి వెళ్ళేసరికి నాలుగు ఇంకుల మిశ్రమం అవుతుంది. చిన్న సైజు తెలుగు అక్షరాలకి నాలుగు ఇంకులు వెంట్రుకవాసి తప్పినా అంచుల్లో ఎర్రగా, నీలంగా నీడలు వస్తాయి. నలుపు అక్షరం నల్ల ఇంకు ఒక్కదానితోనే పడాలి. ఆ పనికి గింప్ కాదు, ఉచితమైనదే స్క్రైబస్ ఉంది. 1.6 వర్షన్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా వస్తాయి. బొమ్మ గింప్‌లో చేసుకోండి, మాటలు స్క్రైబస్‌లో పెట్టి పీడీఎఫ్ ఇవ్వండి.

క్రిటా గురించి ఎక్కువ చెప్పలేదని అనుకుంటున్నారేమో. అది బొమ్మలు గీసేవాళ్ళ కోసం పుట్టిన సాఫ్ట్‌వేర్. బ్రష్షులు అద్భుతం, సీఎంవైకే రంగుల్లో నేరుగా పనిచేస్తుంది. శీర్షికని చేత్తో అందంగా గీయాలి, పెన్ ట్యాబ్లెట్ ఉంది అంటే క్రిటాకే వెళ్ళండి. దాని టెక్స్ట్ టూల్‌ని 5.2 వర్షన్‌లో లోపల్నుంచి తిరగరాశారు కాబట్టి ఒత్తుల పరీక్ష పాత కాపీలో కాకుండా కొత్తదాంట్లో చేయండి. అయినా పది వరుసల పోస్టర్ దిద్దడానికి గింప్ అంత చేతివాటంగా ఉండదు.

మరి ఫొటోషాప్ ఎవరికి? పొరలున్న పీఎస్‌డీలు రోజూ ఎవరో ఒకరు పంపే పని మీదైతే, తీసుకోవాల్సిందే. గింప్ పీఎస్‌డీని తెరుస్తుంది, పొరలు కూడా వస్తాయి, కానీ నేను పనిచేసిన ఫైళ్ళలో టెక్స్ట్ పొర దిద్దడానికి వీల్లేని బొమ్మగానే వచ్చింది. ఎప్పుడో ఒక పీఎస్‌డీ వస్తే బ్రౌజర్‌లో నడిచే ఫొటోపీ ఉచితం. ప్రకటనలు ఉంటాయి, కానీ టెక్స్ట్ పొరని టెక్స్ట్‌గానే తెరుస్తుంది. అందులో కూడా మన "రాష్ట్రస్థాయి" పరీక్ష చేసుకోండి.

కొనేవాళ్ళు మాత్రం ప్లాన్ పేరు రెండుసార్లు చదవండి. "వార్షికం, నెలవారీ చెల్లింపు" అంటే అది నెల ప్లాన్ కాదు, ఏడాది ఒప్పందం. మధ్యలో మానేస్తే రుసుము పడుతుంది. ఆ రుసుమును సరిగ్గా కనపడనివ్వలేదనే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ సిఫారసు మీద అక్కడి న్యాయ శాఖ 2024 జూన్‌లో అడోబీ మీద కేసు వేసింది. విద్యార్థి ధర కూడా రెండో ఏడాది ఎంత అవుతుందో ఆ పేజీలోనే చూసుకోండి. ఒక్క సదస్సు కోసమే అయితే ఏడు రోజుల ట్రయల్ ఉంది. దానికి కార్డు వివరాలు ఇవ్వాలి కాబట్టి, ఆరో రోజున రద్దు చేయమని ఫోన్‌లో అలారం పెట్టుకోండి.